సగటు వడ్డీ అనే ఓ అబద్ధం

మన ఆఫీసుల్లో మార్చి నెల వచ్చిందంటే ఓ ఎక్సెల్ షీటు చేతులు మారడం మొదలవుతుంది. ఎవరు చేశారో తెలీదు, ఎప్పుడు చేశారో తెలీదు. అందులో పీపీఎఫ్ రేట్లు ఏళ్ల వారీగా ఉంటాయి, కింద పసుపు రంగు గడిలో వాటి సగటు ఉంటుంది, ఆ సగటుతో "మీకు వచ్చేది ఇంత" అని లావుపాటి అంకె ఉంటుంది. ఆ అంకె చూసి జనం మురిసిపోతారు. లెక్క తప్పు అని చెబితే "ఏదో ఉజ్జాయింపు బాసూ, పైసలతో సహా ఎవరికి కావాలి?" అంటారు. నా గొడవ పైసల గురించి కాదు. ఆ ఉజ్జాయింపు ఎటు వైపు తప్పుతుందో కూడా ఆ షీటు చేసినవాడికి తెలీదు. అదీ నా గొడవ.

గాల్లో మాట్లాడకుండా అసలు రేట్లే తీసుకుందాం. 2012-13లో పీపీఎఫ్ రేటు 8.8 శాతం. తర్వాత మూడేళ్లు 8.7. 2016 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు ప్రకటించడం మొదలెట్టింది కాబట్టి ఒకే ఏడాదిలో రెండు మూడు రేట్లు కనిపిస్తాయి. ఉదాహరణకి 2017-18లో మొదటి మూణ్నెల్లు 7.9, తర్వాత ఆర్నెల్లు 7.8, చివరి మూణ్నెల్లు 7.6.

ఇక్కడ ఓ పిట్టకథ చెప్పాలి, ఎందుకంటే సగటు నిజంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే. పీపీఎఫ్‌లో వడ్డీ నెలనెలా లెక్కగడతారు గానీ ఖాతాలో వేసేది మార్చి 31న ఒకేసారి. ఏడాది మధ్యలో వడ్డీ మీద వడ్డీ లేదు. కాబట్టి ఏప్రిల్ 5 లోపు డబ్బు కట్టేసి ఏడాదంతా కదిలించకపోతే, ఆ ఏడాది రేటు అంటే నెలల లెక్కన తీసిన సగటే. 7.9ని 3 నెలలకి, 7.8ని 6 నెలలకి, 7.6ని 3 నెలలకి వేసి 12తో భాగిస్తే 7.775 వస్తుంది. మూడు రేట్లూ కలిపి మూడుతో భాగించేవాళ్లకి ఇది కూడా రాదు, అది వేరే విషయం. నెలనెలా కొంచెం కొంచెం కట్టేవాళ్లకి ఈ 7.775 కూడా వర్తించదు. చివరి నెలల్లో నిల్వ ఎక్కువ కాబట్టి వాళ్లకి 7.6 బరువు ఎక్కువ పడుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, అసలు కథంతా దీని పెద్దన్నే.

ఇదే పద్ధతిలో లెక్కేస్తే 2012-13 నుంచి 2021-22 దాకా పదేళ్ల రేట్లు ఇవీ: 8.8, 8.7, 8.7, 8.7, 8.05, 7.775, 7.8, 7.925, 7.1, 7.1. కలిపి పదితో భాగిస్తే 8.065 శాతం. షీటులో పసుపు గడి ఇదే.

ముందు లక్ష రూపాయలు ఒకేసారి వేసి పదేళ్లు వదిలేసిన మనిషిని చూద్దాం. పదేళ్ల రేట్లనూ ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతే 2,17,160 వస్తుంది. సగటు 8.065తో వేస్తే 2,17,195. తేడా 35 రూపాయలు! ఓ ప్లేటు ఇడ్లీ. ఇలాంటి చోట సగటు వాడకూడదు, గుణమధ్యమం వాడాలి, అంకమధ్యమం ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది అని కాలేజీలో చదివినవన్నీ వల్లించే మేధావులు ఉంటారు. వాళ్లు చెప్పేది నిజమే. కానీ రేట్లు 7కీ 9కీ మధ్య తిరుగుతున్నంత కాలం ఆ నిజం ఖరీదు పదేళ్లకి 35 రూపాయలే. షేర్ల లాగా ఓ ఏడు ముప్పై శాతం లేచి మరో ఏడు ఇరవై పడితే అప్పుడు అది పెద్ద లెక్క. ఇంకో సంగతి, ఒకేసారి వేసినవాడికి రేట్ల వరుస మార్చినా ఒరిగేదేం లేదు. గుణకారంలో ఏది ముందైనా ఒకటే.

మరి పీపీఎఫ్‌లో ఒక్కసారి కట్టి వదిలేసేది ఎంతమంది? ఏటేటా కడతాం. ప్రతి ఏప్రిల్ మొదట్లో లక్ష చొప్పున పది సార్లు కట్టినవాడి లెక్క ఇదీ.

```
rates = [8.8, 8.7, 8.7, 8.7, 8.05,
         7.775, 7.8, 7.925, 7.1, 7.1]
b = 0
for r in rates:
    b = (b + 100000) * (1 + r/100)
print(round(b))
```

జవాబు 15,47,580. అదే పసుపు గడి రేటుతో ఎక్సెల్‌లో `=FV(8.065%,10,-100000,0,1)` అని కొడితే 15,70,331. తేడా 22,751. అవే రేట్లు, అదే సగటు, అక్కడ 35 రూపాయలు, ఇక్కడ ఇరవై రెండు వేల పైచిలుకు.

ఎందుకిలా? 8.8 శాతం అన్న గొప్ప రేటు వచ్చిన ఏడు ఈ మనిషి ఖాతాలో ఉన్నది లక్ష. 7.1కి దిగజారిన చివరి ఏడు ఉన్నది 14 లక్షల 45 వేలు. మొదటి నాలుగేళ్లు, అంటే రేట్లు బాగున్న రోజులన్నీ కలిపి సంపాదించిన వడ్డీ 95 వేలు. చివరి ఏడాది ఒక్కటే, ఆ నీరసపు 7.1తో, లక్షా రెండు వేల ఆరొందలు. సగటు తీసేవాడు ఈ రెండు ఏళ్లనీ ఒకే తూకంలో వేస్తాడు. ఖాళీ గిన్నెలో పడ్డ వానకీ నిండు చెరువు మీద పడ్డ ఎండకీ ఒకే లెక్క అన్నమాట.

నమ్మకం కలగకపోతే అవే రేట్లని తిరగేసి వేయండి. 7.1తో మొదలై 8.8తో ముగిస్తే అదే లక్ష చొప్పున కట్టినవాడికి 15,93,741 వస్తుంది. సగటు మాత్రం దమ్మిడీ మారదు, అదే 8.065. ఇద్దరి మధ్యా తేడా 46 వేలు. ఈ 46 వేలు ఎక్కడినుంచి వచ్చాయో మీ పసుపు గడి చెప్పగలదా?

ఇక్కడ ఒకాయన అడ్డం తగిలాడు. మా టీములోనే, మంచి ప్రోగ్రామరే. "పదిహేను లక్షల్లో ఇరవై రెండు వేలంటే ఒకటిన్నర శాతం, వదిలెయ్యి గురూ" అన్నాడు. పదిహేను లక్షల్లో పది లక్షలు మనం కట్టినవే కదా, వాటితో పోల్చడమేంటి? పోల్చాల్సింది వడ్డీతో. వచ్చిన వడ్డీ 5 లక్షల 47 వేలయితే 5 లక్షల 70 వేలని చెప్పడం నాలుగు శాతం ఎక్కువ చెప్పడం. పైగా అసలు నష్టం అంకెలో కాదు, నిర్ణయంలో ఉంది. చేతికొచ్చిన మొత్తాన్ని బట్టి వెనక్కి లెక్క కట్టి, `=RATE(10,-100000,0,1547580,1)` అని అడిగితే ఈ మనిషికి నిజంగా గిట్టింది 7.81 శాతం. 8.065 కాదు. ఇప్పుడు పదేళ్లూ మారకుండా, పన్ను లేకుండా 7.9 శాతం ఇస్తాననే పథకం ఒకటి ఉందనుకోండి (లేదు, అనుకోమంటున్నాను). సగటు చూసినవాడు "మనకి 8 పైనే వస్తోందిగా" అని దాన్ని తోసేస్తాడు. నిజానికి అందులో కడితే 15,55,697 వచ్చేది, ఎనిమిది వేలు ఎక్కువ. ఉజ్జాయింపు అంటే కొంచెం అటూ ఇటూ ఉన్నా పర్లేదు గానీ ఏది మంచిదో తారుమారు చేసి చెప్పకూడదు కదా.

ఈ గందరగోళానికి ఇంకో మూలం కూడా ఉంది. చాలామంది 2012లో కట్టిన డబ్బుకి 8.8 చివరిదాకా అంటిపెట్టుకుని ఉంటుందనుకుంటారు. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరిస్తే తెరిచిన రోజు రేటే గడువుదాకా, ఎన్‌ఎస్‌సీ కొన్నా అంతే. ఆ అలవాటులో పీపీఎఫ్‌ని కూడా అదే గాటన కట్టేస్తారు. పీపీఎఫ్ అలా కాదు. రేటు మారితే పాత డబ్బుకీ కొత్త డబ్బుకీ అన్నిటికీ మారుతుంది. 2012 నాటి లక్షకి 8.8 పదేళ్లూ నిలిచుంటే 2 లక్షల 32 వేలు అయ్యేది. అయింది 2 లక్షల 17 వేలు. రేటు అంటిపెట్టుకునే చోట తొలి ఏళ్ల రేటుకి బరువు ఎక్కువ. మారే చోట చివరి ఏళ్ల రేటుకి బరువు ఎక్కువ. రెండు చోట్లా ఒకే సగటు చూపించే షీటు రెండు చోట్లా తప్పే, అదీ చెరో వైపుకి.

ఇక "1986 నుంచి సగటు" అని చూపించేవాళ్లున్నారు చూడండి, వాళ్లకో దండం. 1986 నుంచి 2000 జనవరి దాకా 12 శాతం ఉండేది. ఆ పద్నాలుగేళ్లు కలిపితే సగటు దివ్యంగా ఉంటుంది మరి. నిన్న ఖాతా తెరిచిన కుర్రాడికి ఆ 12తో సంబంధమేంటి? 2020 ఏప్రిల్‌లో 7.1కి దించారు, 2025 చివరిదాకా అది అంగుళం కదల్లేదు. వాడు చూసింది అదొక్కటే.

"సరే, రాబోయే రేట్లు ఎవరికీ తెలీదు, మరి ఏం రాయమంటావు గడిలో?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క అంకె రాయకండి. మీరు ఊహించుకున్న రేట్లనే ఓసారి దిగుతున్న వరుసలో, ఓసారి ఎక్కుతున్న వరుసలో పైనున్న నాలుగు లైన్ల లూపులో తిప్పండి. మన ఉదాహరణలో అయితే 15.47 నుంచి 15.94 లక్షల దాకా వస్తుంది. రేట్లు మొదట పడి మళ్లీ లేచినా, మొదట లేచి పడినా మొత్తం ఈ రెంటి మధ్యే ఎక్కడో తేలుతుంది. అవి మీరనుకున్న రేట్లే అయితేనే సుమా, కొత్త రేటు ఊడిపడితే లెక్క కొత్తదే. షీటులో ఇప్పటికే ఏళ్ల వారీగా రేట్ల వరుస ఉంది. దాని పక్కనే ఇంకో వరుస పెట్టి నిల్వ రాసుకుంటూ కిందికి లాగడానికి పట్టేది అర నిమిషం. ఆ వరుస చేతిలో పెట్టుకుని దాన్ని నలిపి సగటు తీసి, పోయిన సమాచారాన్ని `FV` చేత మళ్లీ పుట్టించాలని చూడటం ఎందుకో నాకైతే అర్థం కాదు. ఈ మార్చిలో షీటు నాదాకా వస్తే మాత్రం పసుపు గడి తీసేసి ఆ వరుస పెట్టే పంపిస్తాను.