గుంట పడితే తప్పెవరిది?

ప్లాస్టిక్ స్టూలు పైభాగాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. నున్నని తలం మీద సన్నని చాళ్లలాంటి పల్లాలు కనిపించవచ్చు. స్టూలును తిరగేస్తే, సరిగ్గా ఆ పల్లాల వెనుకనే బలం కోసం పెట్టిన నిలువు పట్టీలుంటాయి. వీటిని రిబ్బులంటారు. పల్లాలు చూడగానే యంత్రం నడిపినవాణ్ణి తప్పుపట్టడం పరిపాటి. చాలాసార్లు ఆ నింద అన్యాయమని నా అభిప్రాయం.

ఇంజెక్షన్ మోల్డింగ్‌లో పాలీప్రొపిలీన్ గుళికలను సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపుతారు. అచ్చులో పారే నీరు దానిని 40 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. అచ్చును తాకిన పొర ముందు గడ్డకడుతుంది, నడిమి భాగం ఆ తర్వాత. చల్లబడుతూ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది కనుక, ఆ లోటు పూడ్చడానికి యంత్రం ఇంకొంత ప్లాస్టిక్‌ను నెడుతూనే ఉంటుంది. కాని లోపలికి వెళ్ళే ఇరుకు ద్వారం గడ్డకట్టగానే దారి మూసుకుపోతుంది. అప్పటికి రిబ్బు మొదలు ఇంకా మెత్తగా ఉంటే, అది కుంచించుకుంటూ పైపొరను లోనికి లాగుతుంది. అదే పల్లం.

మరి అచ్చును ఎంతసేపు మూసి ఉంచాలి? ఆ కాలం మందానికి వర్గానుపాతంలో ఉంటుంది. మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు. స్టూలు పలక మందం 3 మిల్లీమీటర్లనుకోండి. దాని నడిమి భాగం 90 డిగ్రీలకు దిగడానికి సుమారు 16 సెకన్లు పడుతుంది. రిబ్బు కూడా 3 మిల్లీమీటర్లే అయితే, రెండూ కలిసే చోట పట్టే అతి పెద్ద వృత్తాన్ని గీసి చూడండి. దాని వ్యాసం 3.75 మిల్లీమీటర్లు. ఇది స్థూలమైన లెక్కే అయినా, అక్కడ 25 సెకన్లు కావాలని చెబుతుంది. తొందరపడి 16 సెకన్లకే అచ్చు తెరిస్తే, వేడిగా ఉన్న రిబ్బు వైపు బయటికొచ్చాక ఇంకా కుంచించుకుంటుంది. పలక ఆ వైపుకు వంగిపోతుంది.

రిబ్బును 1.5 మిల్లీమీటర్లకు తగ్గించండి. వృత్తం వ్యాసం 3.2కు దిగుతుంది, కాలం 18 సెకన్లు చాలు. పల్లం పూర్తిగా పోకపోయినా బాగా తగ్గుతుంది. రిబ్బు బలహీనపడదా అంటారేమో. ఎత్తును నాలుగో వంతు పెంచితే దాని బిగువు దాదాపు తిరిగి వస్తుంది. ఎందుకంటే బిగువు ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది.

యంత్రం నడిపేవాడికి బాధ్యత లేదనను. నెట్టే కాలాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ వస్తువును తూచాలి. బరువు పెరగడం ఎక్కడ ఆగిందో, అక్కడికి ద్వారం గడ్డకట్టినట్టే. అంతకుముందే ఒత్తిడి వదిలితే తప్పు అతనిదే. ఆ మేరకు సరిగా చేసిన తర్వాత కూడా గుంట మిగిలితే, మందపు రిబ్బు గీసిన కాగితాన్నే తప్పుపట్టాలి.