చెక్కుబందీ చేత్తో పట్టుకుని నేల మీదికి వెళ్లండి



మన వాళ్లలో బీదర్ చుట్టుపక్కల ప్లాట్లు కొనేవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే. "ఈసీ తీశాం, ఖాతా ఉంది, వకీలు సరే అన్నాడు. ఇంకేం చూడాలి?" నా లెక్కన అసలుది ఇంకా చూడలేదు. మీకు చూపించిన నేల, కాగితంలో రాసిన నేల ఒకటేనా?

వకీలు తన గదిలో కూర్చుని కాగితాలు చదువుతాడు. బ్యాంకు ఇంజనీరు మనం తీసుకెళ్లిన చోటికే వచ్చి విలువ కడతాడు. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు చూస్తాడు, మనుషుల్ని చూస్తాడు, స్థలం దగ్గరికి రాడు. కాగితాన్నీ నేలనూ కలిపి చూసేవాడు ఈ వరసలో ఎవడూ లేడు. గూడ్స్ ఆఫీసులో కాగితం మీద వ్యాగన్ నంబరు ఉన్నా యార్డులోకి నడిచి సీలు చూసేవాళ్లం. అలవాటు కొద్దీ చెప్తున్నా.

చూడాల్సింది దస్తావేజు చివర షెడ్యూల్లో ఉండే నాలుగు హద్దులు. కన్నడంలో, తెలుగులో చెక్కుబందీ అంటాం. నేను చదువుకున్న తమిళంలో నాన్గెల్లై. కొలతకూ హద్దులకూ తేడా వస్తే మామూలుగా హద్దులకే విలువని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సుభగ వర్సెస్ శోభ కేసు, 2006.

మన సంఘం సభ్యుడొకాయనకు నౌబాద్ వైపు 30 x 40 ప్లాటు చూపించారు. చదునైన నేల, మెయిన్ రోడ్డుకు దగ్గర. కాగితంలో అది 24వ నంబరు. తూర్పు 30 అడుగుల రోడ్డు, పడమర 37వ ప్లాటు, దక్షిణం 23, ఉత్తరం 25. ఫోన్లో దిక్సూచి పెట్టి చూస్తే తూర్పున రోడ్డు ఉంది. "సరిపోయింది కదా" అన్నాడు ఏజెంటు.

సరిపోలేదు. ఆ వరసలో ప్రతి ప్లాటుకూ తూర్పున అదే రోడ్డు. మిగతా మూడు వైపులా ఉన్నవి నంబర్లే. నంబరు నేల మీద రాసి ఉండదు. కదలని వస్తువు ఏదైనా దొరికేదాకా ఆ నంబర్ల వెంట పోవాలి. మంజూరైన లేఅవుట్ నకలు చూస్తే ఆ వరస దక్షిణాన మెయిన్ రోడ్డు మూల దగ్గర 19తో మొదలై ఉత్తరానికి పోతోంది. ఒక్కొక్కటి 30 అడుగుల వెడల్పు. 24కు ముందు ఐదు ప్లాట్లు, అంటే మూల నుంచి 150 అడుగుల దగ్గర అది మొదలవ్వాలి. టేపు పట్టి కొలిస్తే చూపించిన చోటు 60 అడుగుల దగ్గరే మొదలైంది. లెక్క ప్రకారం అది 21.

ఏజెంటు "రాళ్లు జరిగాయి సార్" అన్నాడు. అప్పుడు పక్కింటి కాగితం పనికొచ్చింది. ఉత్తరం వైపు ఇల్లు కట్టుకున్నాయన దస్తావేజులో ఆయనది 22, ఆయన దక్షిణ హద్దు 21వ ప్లాటు. మీ కాగితం నిజమైతే పక్కవాడి కాగితంలో మీరు ఎదురు వైపు కనిపించాలి. నన్నడిగితే దీనికి మించిన పరీక్ష లేదు. పక్కవాడు చూపించకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఎవరైనా చూడొచ్చు.

150 అడుగుల దగ్గరికి నడిచి చూస్తే అసలు 24లో ఎర్రరాయి తవ్విన గుంట ఉంది. పూడ్చడానికే ఎంతవుతుందో! చూడకుండా రిజిస్టర్ చేయించుకుని ఉంటే ఆయన చేతికి వచ్చేది ఆ గుంటే. చదునైన చోట ఇల్లు కట్టుకుంటే 21వ ప్లాటు యజమాని కోర్టుకు వెళ్లేవాడు.

పాత ఊళ్లో తంటా వేరు. నిజాం కాలం నాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. మష్రిఖ్ తూర్పు, మగ్రిబ్ పడమర. తర్జుమాలో ఈ రెండూ తారుమారైతే ఇల్లే అటుదిటు అవుతుంది. హద్దుల్లో మనుషుల పేర్లుంటాయి, వాళ్లు పోయి రెండు తరాలై ఉంటుంది. ఆ పేరు నుంచి ఇప్పుడున్నవాడి దాకా ఎవరు ఎవరికి అమ్మారో కలపాలి. గల్లీలో పెద్దవాళ్లను అడిగితే కొంత తెలుస్తుంది, మిగతాది వాళ్ల దస్తావేజుల్లో.

పొలం భూమికైతే దిశాంక్ యాప్ ఉంది. నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరో చెప్తుంది. అంతవరకే. ఆ సర్వే నంబరు లోపల మీ ప్లాటు ఎక్కడో చెప్పదు, గట్టు పక్కన నిలబడితే ఫోను కొన్ని మీటర్లు తప్పు చూపొచ్చు. సర్వే నంబరులో కొంత భాగమే అమ్ముతుంటే 11ఈ స్కెచ్ అడగండి, దాన్ని పట్టుకుని కొలవండి.

హద్దు తప్పిందని తేలితే "టైపింగ్ తప్పు, మీ దస్తావేజులో సరిగ్గా రాసేద్దాం" అంటారు. ఒప్పుకోవద్దు. అమ్మేవాడి సొంత దస్తావేజులోనే తప్పుంటే, ఆయన తనకు అమ్మినవాడితో కలిసి సవరణ పత్రం రిజిస్టర్ చేయించుకోవాలి. అది మీ చేతికి వచ్చాకే అడ్వాన్సు మాట.