కలిసి ఉంటూనే తానుగా

కృష్ణపట్నం దారిలోని ఒక ఊరి నుండి మా పూర్వ విద్యార్థి ఒకడు అస్ర్ నమాజు తరువాత వచ్చి కూర్చున్నాడు. నెల్లూరులో ఉద్యోగం. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, అన్నగారి కుటుంబం అంతా ఒకే ఇంట్లో ఉంటారు. అన్నగారి రొయ్యల గుంటకు తెల్లమచ్చ తెగులు సోకి పంట పోయింది. మళ్ళీ పిల్ల వేయడానికి డబ్బు కావాలి. చిన్న కోడలి నగలు అమ్మితే సరిపోతుందని తల్లి అన్నారు.

"అమ్మీతో 'అలాగే' అన్నాను హజ్రత్. భార్యతో 'నీకిష్టం లేకపోతే వద్దులే' అన్నాను. ఇప్పుడు ఇద్దరూ నన్నే అబద్ధాలకోరు అంటున్నారు."

ఆ నగలు ఆమె సొత్తు. ఒకే పొయ్యి మీద వండుకు తిన్నంత మాత్రాన ఒకరి ఆస్తి మరొకరిది కాదు. ఈ మసలా అతనికి తెలియనిది కాదు, మా దగ్గరే చదివాడు. తెలిసి కూడా తల్లి ముఖం చూడగానే నోరు పెగలలేదు. మేము మాట్లాడదలచినది ఈ చోటు గురించే.

అమెరికా మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ 1950వ దశకంలో రోగులతో పాటు వారి కుటుంబాలను కూడా ఆసుపత్రిలో ఉంచి పరిశీలించారు. ఒకరి ఆందోళన ఇంటిల్లిపాదికీ పాకడం, ఇద్దరి మధ్య బిగువు పెరిగితే మూడవ వ్యక్తిని లోపలికి లాగడం ఆయన గమనించారు. దీనిని త్రికోణం అన్నారు. మన విద్యార్థి అటువంటి త్రికోణంలో మూడవ మూలన నిలబడ్డాడు. ఇంటి ఉద్వేగం ఎంత పెరిగినా తన ఆలోచనను పోగొట్టుకోకుండా, అయినవారితో బంధాన్ని తెంచుకోకుండా నిలవగలగడాన్ని బోవెన్ 'డిఫరెన్షియేషన్ ఆఫ్ సెల్ఫ్' అన్నారు. కలిసి ఉంటూనే తానుగా నిలవడమని మనం చెప్పుకోవచ్చు.

వేరు కాపురం పెట్టడమే దీనికి అర్థమని చాలామంది పొరబడతారు. చెన్నైలో ఇల్లు తీసుకుని ఏడాదికొకసారి ఈద్‌కు వచ్చి, తల్లి ఫోను మోగితే గుండె దడదడలాడే కొడుకు వేరు పడలేదు, దూరమయ్యాడంతే. ఆ ఇంటి పట్టు అతని లోపల అలాగే ఉంది. బోవెన్ దీనికి తెగతెంపులు అనే అర్థం వచ్చే మరో పేరు పెట్టారు. ఆయన 1967లో ఫిలడెల్ఫియా సభలో, ఐదుగురు సంతానంలో పెద్దవాడిగా తాను సొంత ఇంటికి వెళ్ళి చేసిన ప్రయత్నాన్నే వివరించారు.

మన విద్యార్థి ఏమి చేశాడు? మొదటిసారి తప్పే చేశాడు. "మీరెప్పుడూ అన్నయ్య పక్షమే" అని తల్లిపై అరిచాడు. దానిని ధైర్యమనుకున్నాడు. మాట 'మీరు' అని మొదలై ఎదుటివారిని మార్చబూనితే అది పాత కొట్లాటే. 'నేను' అని మొదలై, తాను ఏమి చేస్తాడో, ఏమి చేయడో చెప్పి ఆగిపోతే అది నిలబడటం.

వారం తరువాత తల్లి పక్కన కూర్చుని మెల్లగా ఇలా అన్నాడు: "అమ్మీ, ఆ నగలు నేను అడగను. మొన్న మీకు 'అలాగే' అనడం నా తప్పు. నా జీతంలో నెలకు పదివేలు గుంటకు ఇస్తాను. ఆదివారాలు భయ్యాతో గుంట దగ్గర ఉంటాను."

ఇలా నిలబడితే కుటుంబం ఊరుకోదని బోవెన్ ముందే చెప్పారు. మొదట 'నీవు తప్పు' అంటుంది, తరువాత 'మళ్ళీ మునుపటిలా మారు' అంటుంది, చివరికి 'లేకపోతే ఇదీ ఫలితం' అంటుంది. ఇక్కడా అలాగే జరిగింది. తల్లి పెళ్ళాం మాట వింటున్నావన్నారు. కువైట్‌లోని అక్క ఫోను చేసి 'నీవిలా ఉండేవాడివి కాదే' అంది. తరువాత తొమ్మిది రోజులు తల్లి అతనితో మాట్లాడలేదు. అతడు వాదించలేదు, అలిగి గదిలో భోజనం చేయలేదు. రోజూ అదే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని, సలాం చెప్పి, మందులు అందించాడు. కష్టమైన భాగం ఇదే. ఈ రోజుల్లో లొంగినా, తెగతెంచుకున్నా మళ్ళీ మొదటికే వస్తుంది.

భార్య సంతోషించిందని పాఠకులు అనుకోవచ్చు. సగమే సంతోషించింది. భర్త తన తరఫున అత్తతో పోట్లాడాలని ఆమె కోరిక. "నేను ఎవరి పక్షమూ కాదు" అన్న మాట ఆమెకూ మింగుడు పడలేదు.

ఒక హద్దు చెప్పాలి. కొట్టడం, కట్నం కోసం వేధించడం ఉన్న ఇంట్లో ఈ పద్ధతి మందు కాదు. అక్కడ ముందు కావలసింది రక్షణ, పెద్దల జోక్యం, అవసరమైతే చట్టం.

పదవ రోజు ఫజ్ర్ తరువాత తల్లి చాయ్ గ్లాసు అతని ముందు పెట్టి, నగల ఊసెత్తకుండా, "ఆదివారం గుంటకు పోతావుగా, భయ్యాకు అన్నం కట్టిస్తాను, తీసుకుపో" అన్నారట.