వడ్డీ తగ్గించమని అడిగే ఉత్తరం

ఇంటి అప్పు తీసుకున్న తర్వాత బ్యాంకుకూ మనకూ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవు. నెలనెలా వాయిదా దానంతటదే ఖాతాలోంచి కోసుకుపోతుంది, మనమూ ‘పోయింది కదా, హమ్మయ్య’ అనుకుని పాల లెక్కలో పడిపోతాం. అయిదారేళ్లలో జీతాలు పెరుగుతాయి, ఒక్క వాయిదా కూడా తప్పి ఉండం. అయినా అప్పు తీసుకున్న నాడు మనల్ని ఎంత నమ్మారో ఆ నమ్మకం లెక్కనే వడ్డీ కడుతూ ఉంటాం. తగ్గించమని అడగొచ్చా? అడగొచ్చు. కాకపోతే ఏ ముక్కను తగ్గించమంటున్నామో మనకు తెలిసి అడగాలి.

బ్యాంకుల్లో 2019 అక్టోబరు 1 తర్వాత మారే వడ్డీకి తీసుకున్న ఇంటి అప్పుల సంగతే చూద్దాం. ఆ వడ్డీలో రెండు ముక్కలుంటాయి. మొదటిది బ్యాంకు చేతిలో లేని బయటి రేటు, చాలా బ్యాంకుల్లో అది రిజర్వు బ్యాంకు ప్రకటించే రెపో. 2025లో అది నాలుగుసార్లు తగ్గి, ఫిబ్రవరికి ముందు 6.50 శాతం ఉన్నది డిసెంబరుకల్లా 5.25 అయింది. ఇది ఎవరూ ఉత్తరం రాయకుండానే మన ఖాతాలోకి దిగాలి, కనీసం మూడు నెలలకోసారి సరిచెయ్యాలన్నది నిబంధన. రెండో ముక్క బ్యాంకు పైన కలుపుకునేది. దాన్నే స్ప్రెడ్డు అంటారు. బ్యాంకు ఖర్చులూ లాభమూ అందులో ఉంటాయి. వాటితో పాటు ‘ఈ మనిషి తీరుస్తాడో లేదో’ అన్న అనుమానానికి వేసుకున్న వెల కూడా ఉంటుంది.

మన ఉత్తరం పని చెయ్యాల్సింది ఆ అనుమానం వెల మీదే. అప్పు తీసుకున్నవాళ్ల పరపతి చెప్పుకోదగ్గంతగా మారినప్పుడు మాత్రమే ఆ వెలను మార్చాలని రిజర్వు బ్యాంకు నిబంధన. పరపతి దిగజారితే బ్యాంకు పెంచుకోగలదన్న సంగతి సరే, మెరుగైతే తగ్గించమని అడిగే తలుపు కూడా అదే. స్ప్రెడ్డులోని మిగతా భాగాన్ని మూడేళ్లలోపు కదపకూడదని అంతకుముందు కట్టడి ఉండేది. ఖాతాదారుకు మేలు చేసేందుకైతే ముందే తగ్గించవచ్చని 2025 అక్టోబరు 1 నుంచి సడలించారు. కనుక ‘రూల్సు ఒప్పుకోవండీ’ అన్న మాట ఇప్పుడు చెల్లదు. ‘మాకు ఇష్టం లేదు’ అనడానికి మాత్రం వాళ్లకు హక్కుంది. ఆ తేడా తెలిసి వెళ్లడం మంచిది.

మా పెద్దాడపడుచు కూతురు తెనాలిలో ఉంటుంది. వాళ్లు 2020 జులైలో 27 లక్షలు ఇరవై ఏళ్ల గడువుతో తీసుకున్నారు. సంతకాలు ఇద్దరివీ ఉన్నా అప్పట్లో ఆ పిల్లకు ఉద్యోగం లేదు. అతని జీతం 48,000 ఒక్కటే చూసి ఇచ్చారు. నెల వాయిదా 21,751, అంటే జీతంలో నూటికి 45 పాళ్లు. మధ్యలో రెపో పెరిగినప్పుడు వాయిదా 23,987కు పెరిగింది, గడువూ అయిదు నెలలు సాగింది. 2025 డిసెంబరుకి బాకీ 24 లక్షలు, ఇంకా 180 వాయిదాలు, వడ్డీ 8.75. రెపో 5.25 తీసేస్తే స్ప్రెడ్డు 3.50 అన్నమాట. అదే బ్యాంకు కొత్తగా వచ్చేవాళ్లకు 2.50 స్ప్రెడ్డుకే ఇస్తోందని వాళ్ల ప్రకటనలోనే ఉంది.

‘‘అత్తయ్యా, మీ అల్లుడు వద్దంటున్నారు. బాకీ ఉన్నవాళ్లం, అడిగితే ఏమనుకుంటారో అంటున్నారు’’ అంది ఫోన్లో. బ్యాంకు ఏమీ అనుకోదు. మనం తప్పుగా రాస్తే మాత్రం ఫైల్లో పెట్టి మరిచిపోతుంది. ఆ పిల్ల మొదట రాసుకున్న ఉత్తరంలో పిల్లల ఫీజులూ, అత్తగారి మోకాళ్ల ఆపరేషనూ, ధరల మంటా అన్నీ ఉన్నాయి. నిజాలే. కానీ అవి చదివిన మేనేజరుకు ‘వీళ్లకు కష్టంగా ఉంది’ అనిపిస్తుంది, అనుమానం వెల తగ్గడానికి బదులు పెరుగుతుంది. ఇక్కడ అడుగుతున్నది దయ కాదు, పాత అంచనాను కొత్త కాగితాలతో సరిచూడమని. కష్టాలన్నీ కొట్టేయించాను.

రాసేముందు ఇద్దరి పరపతి నివేదికలూ తెప్పించారు. సిబిల్ లాంటి ప్రతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. ఇంటి అప్పు గళ్లల్లో అన్ని నెలలకూ 000 ఉంది, అంటే ఒక్క రోజు ఆలస్యం లేదు. అయితే అతని పేర ఎప్పుడో వాడడం మానేసిన క్రెడిట్ కార్డు మీద వార్షిక రుసుము బాకీగా కనిపించింది. చిన్న మొత్తమే, కానీ ‘మా రికార్డులో మచ్చ లేదు’ అని రాసిన ఉత్తరం పక్కనే అది కనబడితే ఉత్తరం విలువ పోతుంది. అది కట్టి, కార్డు మూయించి, నివేదికలో సరయ్యేదాకా నెలన్నర ఆగారు. ఆ తర్వాత పంపిన ఉత్తరం ఇది:

‘‘బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: మా గృహరుణం ఖాతా (నెంబరు) పరపతి పునఃపరిశీలన, స్ప్రెడ్డు తగ్గింపు.

2020 జులైలో మీరు మంజూరు చేసిన 27 లక్షల రుణానికి మేమిద్దరం ఉమ్మడి రుణగ్రహీతలం. 2020 ఆగస్టు నుంచి 2025 డిసెంబరు వరకు 65 వాయిదాలూ గడువు తేదీకే చెల్లించాం.

మంజూరు నాడు మీరు లెక్కలోకి తీసుకున్న ఆదాయం నెలకు 48,000. ప్రస్తుతం మొదటి రుణగ్రహీత జీతం 62,000, రెండవ రుణగ్రహీత జీతం 24,000, మొత్తం 86,000. నెల వాయిదా మా ఆదాయంలో 45 శాతం నుంచి 28 శాతానికి తగ్గింది. మా సిబిల్ స్కోర్లు 790, 771. మాకు వేరే అప్పులు లేవు.

మా ఖాతాకు రెపో మీద 3.50 శాతం స్ప్రెడ్డు వర్తిస్తోంది. మా పరపతిని తిరిగి అంచనా వేసి, ఇదే స్థాయి స్కోరున్న కొత్త ఖాతాదారులకు మీరిస్తున్న 2.50 శాతాన్ని మాకూ వర్తింపజేయవలసిందిగా కోరుతున్నాం. వడ్డీ తగ్గినప్పటికీ నెల వాయిదా 23,987 మార్చకుండా గడువు తగ్గించగలరు.

మీ నిర్ణయాన్ని, రుసుము ఏదైనా ఉంటే ఆ మొత్తాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.’’

కింద ఇద్దరి సంతకాలు. జతగా ఇద్దరి మూడేసి నెలల జీతం చీటీలు, ఫారం 16లు, జీతం పడే ఖాతాల ఆరు నెలల స్టేట్‌మెంట్లు, పరపతి నివేదికలు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నారు. మెయిలు కూడా పంపారు.

ఈ ఉత్తరంలో అన్నింటికన్నా బరువైన మాట నా ఉద్దేశంలో ఆ 24,000. ఆ పిల్ల 2021లో కాలేజీలో లెక్చరరుగా చేరింది, నాలుగేళ్లుగా ఇల్లు నడవడంలో ఆ జీతం ఉంది. బ్యాంకు కాగితాల్లో మాత్రం ఆమె సంతకమే ఉంది, సంపాదన లేదు. మనం చెబితే తప్ప బ్యాంకుకు తెలిసే దారి లేదు. అతని జీతం ఒక్కటే చూపించి ఉంటే పెరుగుదల 14,000, అయిదేళ్లలో మామూలుగా వచ్చేదే కదా అనిపించేది. ఇద్దరిదీ కలిసేసరికి ఇంటి ఆదాయం రెట్టింపుకు దగ్గరగా వచ్చింది.

మేనేజరు మొదట, ‘‘రెపో తగ్గినప్పుడల్లా మీకు తగ్గుతూనే ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?’’ అన్నారట. చాలాచోట్ల మనవాళ్లు ఇక్కడే తిరిగొచ్చేస్తారు. ‘‘అది రెపో సంగతి సార్. మేం రాసింది స్ప్రెడ్డు గురించి’’ అందట ఈ పిల్ల. ఆయన ఉత్తరం మళ్లీ చదివి పై ఆఫీసుకు పంపారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. 2.50 కాదు, 2.75 ఇస్తాం, మార్పిడి రుసుము పన్నుతో కలిపి 5,900 అన్నారు. వడ్డీ 8.75 నుంచి 8.00కు దిగుతుంది. 24 లక్షల మీద ముప్పాతిక శాతం అంటే మొదటి నెలలోనే 1,500 మిగులు, నాలుగు నెలల్లో రుసుము తిరిగొచ్చేస్తుంది. ఒప్పుకున్నారు.

వాయిదా మార్చొద్దని ఎందుకు రాశారంటారా? 8 శాతానికి వాయిదా తగ్గించుకుంటే 22,936 అవుతుంది, నెలకు 1,051 మిగులు. 180 నెలలకు కలిపితే లక్షా 89 వేలు. పాత వాయిదానే కడుతూ పోతే 166 నెలల్లోనే అప్పు తీరుతుంది, కలిసొచ్చేది సుమారు 3 లక్షల 47 వేలు. జీతం పెరిగిందని మనమే రాశాం కాబట్టి వాయిదా తగ్గించమని అడిగితే మాట పొసగదు కూడా.

బ్యాంకు కాదంటే? కారణం రాతలో అడగవచ్చు. ముప్ఫై రోజులు దాటినా జవాబే రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. కానీ వడ్డీ ఎంత వెయ్యాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, తగ్గించమని అక్కడ తీర్పు రాదు. ఇక మిగిలేది అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవడం. మారే వడ్డీ మీద ఇంటి కోసం తీసుకున్న అప్పును ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చెయ్యకూడదు. కొత్త బ్యాంకు ప్రాసెసింగు ఫీజు, లాయరు, ఇంటి విలువ కట్టడం, తనఖా రిజిస్ట్రేషను ఖర్చులు మాత్రం మళ్లీ మనవే. అవన్నీ కూడి చూసుకోవాలి. ‘మేం వెళ్లిపోతాం’ అన్న మాట చేతిలో అవతలి బ్యాంకు మంజూరు పత్రం ఉంటే తప్ప ఉత్తరంలో రాయొద్దు. ఉత్త బెదిరింపని వాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

గృహరుణ సంస్థల్లో తీసుకున్నవాళ్లకు రెపో కట్టడి లేదు, ఆ సంస్థ సొంత రేటు ఉంటుంది. 2019 అక్టోబరుకు ముందు బ్యాంకుల్లో తీసుకున్నవాళ్లు చాలామంది ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారు. వీళ్లు ముందు మంజూరు పత్రంలో వడ్డీ దేనికి ముడిపడి ఉందో చూసుకుని, కొత్త పద్ధతికి మార్చడానికి ఎంత తీసుకుంటారో ఉత్తరంలోనే అడగాలి. ఎవరైనా సరే, వడ్డీ తగ్గిస్తాం గానీ బీమా తీసుకోండి, పై అప్పు తీసుకోండి అంటే ఆ రెండింటినీ విడదీసి చెప్పమనండి.

ఒప్పందం అయ్యాక కొత్త వాయిదాల పట్టిక తీసుకోవాలి. మరుసటి నెల స్టేట్‌మెంట్లో వడ్డీ గడి కూడా చూడాలి. తెనాలి ఖాతాలో అంతకుముందు అక్కడ 17,500 ఉండేది. 24 లక్షలకు 8 శాతం చొప్పున 16,000కు అటూ ఇటూగా రావాలి. మొదటి నెల పాత అంకే పడింది. ముద్ర వేయించుకున్న ప్రతి, బ్యాంకు జవాబు పట్టుకుని వెళ్లి చూపిస్తే నాలుగు రోజుల్లో సరిచేశారు.