సర్వో కొనేముందు ఆర్‌పీఎం లెక్క వేద్దాం

చిన్న యాక్సిస్ అనగానే మనలో చాలామంది "సర్వో అయితే బెటర్ రా" అనేస్తాం. ఇక్కడ సర్వో అంటే ఎన్‌కోడర్‌తో వచ్చే ఏసీ సర్వో, రోబో బొమ్మల్లో పెట్టే బుల్లి ప్లాస్టిక్‌ది కాదు. నన్నడిగితే ముందు తేల్చాల్సింది మోటార్ ఎంత ఆర్‌పీఎంలో తిరగాలన్నది.

చుట్టుకి 8 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ తీసుకుందాం. సెకనుకి 40 మిల్లీమీటర్లు చాలంటే 300 ఆర్‌పీఎం. స్టెప్పర్ హాయిగా లాగుతుంది, ఖర్చూ తక్కువ. అదే 200 మిల్లీమీటర్లు కావాలంటే 1500 ఆర్‌పీఎం. అక్కడ కాయిల్‌లో కరెంట్ పూర్తిగా పెరిగేలోపే తర్వాతి స్టెప్ వచ్చేస్తుంది, టార్క్ పడిపోతుంది. డేటాషీట్‌లో కనిపించే హోల్డింగ్ టార్క్ మోటార్ ఆగి ఉన్నప్పటిది. మనం చూడాల్సింది స్పీడ్-టార్క్ కర్వ్. డ్రైవర్ తట్టుకునేదైతే, సప్లై 24 వోల్టుల నుంచి 48కి పెంచితే కొంత నయం.

ఇంకో చిక్కుంది. స్టెప్ తప్పినా మామూలు స్టెప్పర్‌లో కంట్రోలర్‌కి తెలీదు. వంద సైకిళ్లయ్యాక హోమ్ స్విచ్‌కి తెచ్చి, కౌంట్ సరిపోయిందో లేదో చూడండి. స్విచ్‌కి సహజంగా ఉండే చిన్న తేడా కంటే ఎక్కువ వస్తే స్టెప్పులు పోతున్నట్టే.

వేగం ఎక్కువైనా, లోడ్ ఊహించనట్టు మారుతున్నా సర్వో మోటార్‌కీ, డ్రైవ్‌కీ, ట్యూనింగ్ శ్రమకీ పెట్టిన ఖర్చు దండగ కాదు. 300 ఆర్‌పీఎంలో నెమ్మదిగా, ఒకే లోడ్‌తో నడిచే యాక్సిస్‌కి మాత్రం అది దండగే.