కారణమా? వల్లనా?

ఉప్పాడ నుంచి ఒక పాఠకుడు తండ్రీకొడుకుల తగాదా ఒకటి మన ముందు పెట్టారు. సముద్రపు కోతకు వారి ఇంటి గోడ పడిపోయిందట. పరిహారం కోసం తండ్రిగారు అర్జీ రాస్తూ, ‘మా గోడ పడిపోవడానికి కారణం కెరటాల వల్ల’ అన్నారు. కాలేజీలో చదివే కుమారుడు అది తప్పన్నాడు. ‘అందరూ అనేదే కదా, మహా అయితే ఒక మాట ఎక్కువైంది’ అని తండ్రిగారి వాదన.

కుమారుడి పక్షమే నెగ్గుతుంది. ‘గోడ పడిపోవడానికి కారణం’ అన్నాక ఆ కారణం పేరు చెప్పాలి: ‘కారణం కెరటాలు’. అటూ ఇటూ ప్రథమా విభక్తే. ‘వలన’ పంచమి అని చిన్నప్పుడు వల్లెవేసిందే. ‘వల్ల’ దాని వాడుక రూపం. అది చెప్పేది కారణం పేరు కాదు, దేనిచేత జరిగిందన్న సంగతి. ‘గోడ పడింది కెరటాల వల్ల’ అంటే చక్కగా వుంది. పడడం కెరటాల వల్ల జరిగింది. ‘కారణం కెరటాల వల్ల’ అంటే ఆ కారణమే కెరటాల వల్ల పుట్టిందన్నట్లు ధ్వనిస్తుంది. ఇది మాట ఎక్కువ కావడం కాదు, వాక్యం అతకకపోవడం.

అలాగని రెండు మాటలూ కనబడగానే ఎర్రసిరా తీయకండి. ‘గోడ పడడానికి కారణం కెరటాల వల్ల పునాది కింద ఇసుక జారిపోవడం’ అన్నారనుకోండి, అందులో ఏ దోషమూ లేదు. ఇక్కడ ‘వల్ల’ జారిపోవడాన్ని పట్టుకుంది. కారణం పేరు ‘జారిపోవడం’. గుర్తు పట్టడం తేలికే: ‘వల్ల’ తరువాత అది అంటుకునే మాట వున్నదా, గాలిలో వేలాడుతున్నదా అని చూడాలి. ‘కొన్ని కారణాల వల్ల రాలేకపోయాను’ అన్నదీ నిక్షేపంలాటి తెలుగే.

‘ఎందుకంటే రాత్రి పోటు ఎక్కువగా వుంది కాబట్టి’ అనడం వేరు సంగతి. ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టినవాడు చివరికి వచ్చేసరికి ఆ సంగతి మరచి ‘కాబట్టి’ తగిలిస్తాడు. ఇది ఉత్త పునరుక్తి. అరుగు మీద కబుర్లలో ఎవరూ పట్టించుకోరు. రాతలో ఒకటి తీసేస్తే సరి.

ఈ పేచీ మన ఒక్కరిదే కాదు లెండి. ఇంగ్లీషులో ‘ది రీజన్ ఈజ్ బికాజ్’ అనడాన్ని 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో తప్పుబట్టాడు. మంచి రచయితలే శతాబ్దాలుగా రాస్తున్నారు గనుక అది వట్టి పునరుక్తి అని సమర్థించేవారూ వున్నారు. అక్కడి ‘బికాజ్’కు విభక్తి లేదు, మన ‘వల్ల’కు వుంది. అందుచేత ఆ క్షమాపణ మనకు చెల్లదు.

ఇక అర్జీ సంగతి. ‘కెరటాల వల్ల మా గోడ పడిపోయింది’ అని రాసి, తేదీ వేసి పంపమనండి. ‘కారణం’ అక్కర్లేదు.