ఏఐ బామ్మకి మనవడు ఉంటాడా?

షార్ట్స్ చేసే మా ఫ్రెండ్ ఒకడు కొత్తగా ఓ బామ్మని తయారుచేశాడు. ముడతల మొహం, పెద్ద బొట్టు, జరీ అంచు చీర. మొహం, గొంతు రెండూ ఏఐవే. నలభై సెకన్ల వీడియో, టాపిక్ పిల్లల దగ్గు. పోస్ట్ చేసేముందు స్క్రిప్ట్ పంపి, "డిస్‌క్లోజర్ లైన్ ఎక్కడ పెట్టాల్రా?" అని అడిగాడు.

యూట్యూబ్ అప్‌లోడ్‌లో Altered content దగ్గర Yes నొక్కాలి. కార్టూన్ బామ్మ అయితే అక్కర్లేదు, నిజం మనిషిలా ఉంటే తప్పదు. కానీ ఆ లేబుల్ చాలాసార్లు డిస్క్రిప్షన్‌లోనే ఉండిపోతుంది. షార్ట్స్‌లో డిస్క్రిప్షన్ తెరిచి చదివేదెవరు చెప్పండి? పైగా 2026 ఫిబ్రవరి 20 నుంచి మన ఐటీ రూల్స్ కూడా స్పష్టంగా కనిపించే లేబుల్ ఉండాలంటున్నాయి. ముసాయిదాలో స్క్రీన్‌లో కనీసం 10 శాతం అన్నారు, ఫైనల్‌లో ఆ లెక్క తీసేశారు.

అందుకే లైన్ వీడియోలోనే ఉండాలి. కింద పెడితే టైటిల్ కప్పేస్తుంది, కుడివైపు పెడితే లైక్, షేర్ బటన్లు కప్పేస్తాయి. బామ్మ తలకి కాస్త పైన పెట్టి, మొదటి సెకను నుంచే కనీసం నాలుగు సెకన్లు ఉంచమన్నాను. వాడు రాసింది "ఏఐ సహాయంతో". దీన్ని బట్టి ఏం అర్థమవుతుంది? ఎడిటింగ్‌కి వాడారేమో అనుకుంటారు. "ఈ బామ్మ నిజం మనిషి కాదు. మొహం, గొంతు ఏఐతో చేసినవి" అని మార్చాం. ఫోన్ పక్కన పెట్టి వినేవాళ్లుంటారు కదా, బామ్మ చేతే "నేను ఏఐ బామ్మనర్రా" అనిపించాం. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

అసలు గొడవ స్క్రిప్ట్‌లో ఉంది. "మా మనవడికి ఆరో నెలలోనే తేనె నాకించా, రెండ్రోజుల్లో దగ్గు మాయం!" ఆ మనవడు లేడు, ఆ దగ్గూ లేదు. పైన ఎంత పెద్ద లేబుల్ ఉన్నా, చూసేవాళ్లకి గుర్తుండేది మనవడికి తగ్గిందన్న మాటే. పోనీ "చాలామందికి తగ్గింది" అందామా? ఆ చాలామంది కూడా కల్పనే.

పైగా ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు. అందులో ఉండే ఒక రకం బాక్టీరియా వాళ్ల పేగుల్లో పెరిగి విషం తయారుచేయొచ్చు. బాటులిజం అంటారు, ఊపిరికే ప్రమాదం. అది ఏఐ బామ్మ చెప్పినా, సొంత బామ్మ చెప్పినా తప్పే. లేబుల్ దాన్ని కడగలేదు.

చివరికి స్క్రిప్ట్‌లో నేను, నా, మా అని ఉన్న ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది జరిగిందా అని చూసుకున్నాం. జరగనివన్నీ తీసేశాం. ఇప్పుడు బామ్మ "ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దమ్మా, దగ్గొస్తే డాక్టర్‌కి చూపించండి" అంటుంది. "అమ్మా", "అర్రా" అలాగే ఉంచాం. అవి మాట తీరు, అనుభవం కాదు. మనవడు పోయాక వీడియో ముప్పై ఒక్క సెకన్లకి వచ్చింది.